కోసేసిన తొమ్మిదేళ్లు

లాల్‌దర్వాజాలో మా బాపు మొదలుపెట్టిన పాల డెయిరీలో తర్వాత ఆయన దోస్తు కలిశాడు. ఇప్పుడది ఆ దోస్తు కొడుకుది. చిన్నప్పటి నుంచీ నన్ను అన్నా అని పిలిచే అతను, వార్షికోత్సవానికి గోడ మీద పెట్టేలా డెయిరీ చరిత్రను బొమ్మగా గీసిమ్మన్నాడు. నేను డిజైన్ పని చేస్తాను.

ఏడాదికి రెండు సెంటీమీటర్ల కొలత పెట్టుకున్నాను. ఏమీ జరగని ఏళ్లకూ అంతే చోటు వదిలాను. బాపు కాలానికి ఒక పట్టీ, దాని కింద దోస్తు కాలానికి ఇంకోటి గీశాను. ఇద్దరూ కలిసి నడిపిన తొమ్మిదేళ్లు, అంటే పద్దెనిమిది సెంటీమీటర్లు, రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి సాగాయి.

"గిట్ల ఒకదాని కింద ఒకటి ఏందన్నా? చూసెటోళ్లు పరేషాన్ అయితరు," అన్నాడతను.

"కలిసి చేసిండ్రు కాబట్టే గట్లుంది," అన్నాను.

"సరే అన్నా, ఫికర్ జెయ్యకు," అని ఫైలు తీసుకుపోయాడు.

వార్షికోత్సవానికి బాపును వెంటబెట్టుకెళ్లాను. గోడ మీద పట్టీలు రెండూ ఒకే వరుసలో ఉన్నాయి. దోస్తు పట్టీ మొదలైన చోటే బాపుది ఆగిపోయింది. ఆ తొమ్మిదేళ్లూ బాపు పట్టీలోంచి కోసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. కింద నేను రాసిన కొలతను, గీసినవాడిగా నా పేరును మాత్రం ముట్టుకోలేదు. స్కేలు పెట్టి చూసినా ఆ అబద్ధం సరిగ్గా సరిపోతుంది.

బాపు తన పట్టీ చివరను వేలితో తడిమాడు. కింద నా పేరు చదివి, నా వైపు తిరిగాడు.

"నువ్వే గీసినవా, బిడ్డా?"