బొమ్మలో పెట్టని గిరక నీడ

దయ్యాల కథలంటే నాకు మొదటి నుంచీ వేళాకోళమే. నేను చేసే పని అలాంటిది. ఇంకా కట్టని బిల్డింగులకు కంప్యూటర్‌లో అచ్చం ఫోటోల్లాంటి బొమ్మలు చేస్తాను. అక్కడ ఎండ నేను పెడితేనే ఉంటుంది. నీడ నేను పెట్టిన వస్తువుకే పడుతుంది. అందుకే ఈ సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మాది నార్కట్‌పల్లి. నా దోస్తు స్వరూప ఆర్కిటెక్టు. మర్రిగూడ దగ్గరి ఒక ఊళ్లో అంగన్‌వాడీ పిల్లలకు కొత్త బిల్డింగు డిజైన్ చేసింది. కాంక్రీటు గోడను ప్లాస్టరు, రంగు లేకుండా అలాగే వదలాలని దాని పట్టుదల. ఊరివాళ్లేమో నీలం రంగు కావాలంటున్నారు. వాళ్లకు మీటింగులో చూపించడానికి నలుపు తెలుపు బొమ్మ చేయమంది.

నలుపు తెలుపు అంటే రంగు తీసేస్తే అయిపోదు. రంగు లేనప్పుడు గోడను చూపించేది ఎండ ఒక్కటే. ఎదురుగా కొడితే కాంక్రీటు చదునుగా, జీవం లేకుండా ఉంటుంది. పక్క నుంచి గోడను రాసుకుంటూ పోవాలి. అప్పుడే సెంట్రింగు చెక్కల అచ్చులు, చెక్క నారలు, బోల్టుల గుంటలు చిన్న చిన్న నీడలతో పైకి తేలతాయి. అందుకని ఊరి అక్షాంశం, రేఖాంశం ఇచ్చి, చలికాలం పొద్దుటి సూర్యుణ్ని ఆగ్నేయంలో పెట్టాను. నిలువు గీతలు వాలకుండా కెమెరా సరిచేసి, ఆకాశాన్ని దాదాపు నల్లగా చేశాను. దక్షిణం గోడ ముందు పిల్లలు ఆడుకునే వాకిలి ఖాళీగా ఉంచాను.

బొమ్మ తయారయ్యేసరికి ఆ గోడ మీద ఒక నీడ ఉంది. రెండు స్తంభాలు, పైన అడ్డదూలం, దాని మధ్యలో చిన్న చక్రం.

నాకు ఒళ్లు మండింది. ఏదో వస్తువు దాగి ఉంటుందని ఒక్కొక్కటీ తీసేస్తూ పోయాను. చెట్లు తీసేశాను. చెక్కల అచ్చులు తీసేసి గోడకు ఉత్త బూడిద రంగు ఇచ్చాను. మచ్చలు తుడిచే ఫిల్టరు ఆపేశాను. చివరికి గోడ, నేల మాత్రమే కొత్త ఫైలులోకి తెచ్చి చూశాను. నీడ కదల్లేదు.

స్వరూప ఫోన్‌లో విసుక్కుంది. "బ్రష్‌తోని తుడిచేస్తే అయిపాయె గదనే! పొద్దుగాల మీటింగు."

తుడవనన్నాను. మొండితనమే అనుకోండి. సూర్యుణ్ని ఒక గంట తర్వాత ఉండే చోటికి జరిపితే, నీడ కూడా సరిగ్గా జరిగి పొట్టిదైంది. మచ్చ అలా జరగదు. నీడ కొస నుంచి సూర్యుడి వైపు ఒక గీత గీశాను. రెండో గంటకు ఇంకో గీత గీశాను. రెండూ కలిసిన చోటే ఆ దూలం ఉండాలి. అది పిల్లల వాకిలి నడిమధ్యలో తేలింది.

మరుసటి రోజు మీటింగుకు ముందే టేపు పట్టుకుని ఆ జాగాకు పోయాను. చదును చేసిన నేల, తుమ్మ మొలకలు, అంతకుమించి ఏమీ లేదు. కొలిచి గుర్తు పెట్టి, గడ్డపార తెమ్మన్నాను. అక్కడికి వచ్చిన ఊరి సర్పంచ్ నవ్వాడు. కొంచెం తవ్వగానే గడ్డపార బండకు తగిలి, కింద బోలుగా మోగింది. బండ అప్పటికే పగిలి ఉంది. సందులోంచి రాయి వేస్తే, చప్పుడు చాలాసేపటికి వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

పక్క గుడిసెలో ఉండే లచ్చమ్మ అవ్వ వచ్చి అక్కడే కూలబడింది.

"గీడ బాయుండె బిడ్డా. నీళ్లు చేదంగ నా పెద్దబిడ్డ గిండ్లనే పడ్డది. బాయి పూడిస్తె అరిష్టమని బండలు గప్పి మన్ను పోసిండ్రు. ఆ బాయి గలోళ్లు ఊరిడిసి పోయిండ్రు. గీ జాగల పోరగాండ్లకు కడ్తరని తెల్సినప్పటి సంది చెప్పాలె చెప్పాలె అనుకున్న. నోరు రాలే."

రెండు స్తంభాల మీది దూలానికి గిరక ఉండేదా అని అడిగాను. ఉండేదంది.

బావిని అడుగు నుంచి పూడ్చారు, ఎవరూ అరిష్టం మాట ఎత్తలేదు. వాకిలిని బిల్డింగు వెనక్కి మార్చారు. కొత్త బొమ్మ చేస్తే నీడ పడలేదు. పాత ఫైలు తెరిచి చూసినా పడలేదు. నా దగ్గర మిగిలింది మీటింగుకని తీసిన మొదటి ప్రింటు ఒక్కటే. తెలిసినవాళ్లకు పంపి అడిగాను, ఎవరూ కారణం చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

ఆ ప్రింటు ఇప్పుడు నా దగ్గర లేదు. అవ్వ అడిగి తీసుకుంది. "నా బిడ్డది ఒక్క ఫోటో గూడ లేదు. గిదన్న ఉండనీ" అంది.

గిరక కింద, నీళ్లు చేదేవాళ్లు నిలబడే చోట, ఎండకు తెల్లగా ఉన్న గోడ మీద వేలు పెట్టింది. ఆ నీడ ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం నన్ను అడగలేదు.