తిప్పి పెట్టిన ఆంప్యూల్

పంతొమ్మిది వందల అరవైల చివర్లో యూనివర్సిటీ క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో నేను టెంపరరీ నర్సును. ఎనిమిది నెలలుగా ఇంజెక్షన్ గదిలోనే నా పని. పొద్దున తార్నాకలో గది తాళం వేసి చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లేదాన్ని. సెంటర్ గడప దాటేసరికి నా అంత తెలిసినది ఆ క్యాంపస్‌లోనే లేదన్న ధీమా వచ్చేసేది. నా వయసు ఇరవై ఒకటి. ఆ వయసులో అలాంటి ధీమాకు పెద్ద కారణం అక్కర్లేదు.

నాతోపాటు ఇంకో టెంపరరీ నర్సు ఉండేది. ఖమ్మం వైపు పల్లెటూరి క్రిస్టియన్ల పిల్ల. గది అద్దె ఇద్దరం కలిసి కట్టేవాళ్లం, కూర కూడా వంతులు వేసుకుని వండేవాళ్లం. మనిషి మంచిదే కానీ పనిలో మహా నిదానం. నేను ఆరుగురికి సూది వేసి పంపేలోపు ఆమె ఇద్దరి దగ్గరే ఉండేది. "నువ్వు గిట్ల జేస్తే పోరలకు జరం దానంతటదే పోతది" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు ఒక్క పోస్టు పర్మనెంట్ అయింది. ఆ ఒక్కదానికి మేమిద్దరం. నాకు ఆ ఉద్యోగం ఎంత కావాలో మాటల్లో చెప్పలేను. పర్మనెంట్ అయితే ఊళ్లో మా నాయన ఇక సంబంధాల మాట ఎత్తడు, నా బతుకు నాది. అది రాదేమోనన్న బెంగ మాత్రం నాకు లేదు. ఆ పిల్లను ఎట్లా ఓదార్చాలా అని ముందే ఆలోచించి పెట్టుకున్నాను కూడా.

ఇంటర్వ్యూ మా సెంటర్‌లోనే. బల్లకు అటువైపు డాక్టర్‌గారు, పక్కన మా పెద్ద సిస్టర్. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని పిలిచారు, ముందు నన్నే. పెద్ద సిస్టర్ ఓ అట్ట నా ముందు పెట్టింది. దాని మీద నాలుగు ఫోటోలు అంటించి ఉన్నాయి. రబ్బరు మూత సీసాలు రెండు, మెడ విరిచి మందు తీసే గాజు ఆంప్యూళ్లు రెండు. కాన్వొకేషన్ ఫోటోలు తీసే ఫోటోగ్రాఫర్‌తో తీయించారట. ఆయన ఒక్కోదాన్ని విడిగా, కెమెరాకు దగ్గరగా పెట్టి, నాలుగూ సమానమైన ఎత్తులో వచ్చేట్టు అందంగా తీశాడు.

"ఒక్కోటి చూసి మూడు సంగతులు చెప్పాలె" అంది సిస్టర్. "మందు బలమెంత, ఎట్లెయ్యాలె, దేంట్ల కలపాలె."

ఇంతేనా అనుకుని అట్ట దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు నాకో చిన్న ఇబ్బంది ఎదురైంది. రోజూ నేను సీసాలను రంగు చూసి, సైజు చూసి పట్టేదాన్ని. ఎర్ర అక్షరాలది ఇది, పచ్చ మూతది అది, లావుది ఫలానాది. ఈ ఫోటోలు నలుపు తెలుపు. సైజు చూద్దామంటే అన్నీ ఒకే ఎత్తు. చేసేదేముంది, చదవడం మొదలుపెట్టాను.

మొదటి సీసా స్ట్రెప్టోమైసిన్ పొడి. లేబుల్ మీద ఒక గ్రాము అని, కండకు మాత్రమే అని రాసి ఉంది. కింద సన్నటి అక్షరాల్లో, ఇంజెక్షన్‌కు పనికివచ్చే నీళ్లు ఎన్ని సీసీలు పొయ్యాలో ఉంది. చెప్పాను. రెండోది ప్రొకెయిన్ పెన్సిలిన్, నాలుగు లక్షల యూనిట్లు. నీళ్లు పోస్తే పాలలా అవుతుంది. అదీ కండకే, నరానికి పనికిరాదు. చెప్పాను. మూడోది కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్. పది పర్సెంట్, పది సీసీ.

"అంటే మొత్తం మందు ఎంత?" అన్నారు డాక్టర్‌గారు.

"నూరు సీసీల పది గ్రాములు సార్. అంటే పది సీసీల ఒక గ్రాము. మందు నీళ్లలాగనే ఉన్నది, కలపాల్సిన పని లేదు. నరానికి, చాన మెల్లగ."

"శభాష్" అన్నారాయన. నేను కుర్చీలో ఉన్నానన్న మాటే కానీ, గాల్లో తేలుతున్నాను.

నాలుగోది అమినోఫిలిన్. దాన్ని చూడగానే నవ్వొచ్చింది. ఆయాసంతో వచ్చే హాస్టల్ పిల్లలకు మేం ఇచ్చేది అదే. ఫోటోలో ఆంప్యూల్ కొంచెం పక్కకు తిరిగి ఉంది. మందు పేరు కనిపిస్తోంది, మిగతా అచ్చు గాజు వెనక్కి పోయింది. నాకు అదేం లెక్క?

"రెండు వందల యాభై మిల్లీగ్రాములు, పది సీసీ. నరానికి, మెల్లగ" అన్నాను గడగడా.

"గది ఏడ రాసున్నది?" అంది సిస్టర్.

"రోజు ఇస్తనే ఉన్న కద సిస్టర్."

"నేనడిగేది నువ్వు రోజు ఇచ్చేదాని సంగతి కాదు. గీ ఫోటోలదాని సంగతి."

నేను మళ్లీ చూశాను. పేరు తప్ప ఏమీ లేదు. అయినా తగ్గలేదు. "ఇంకేముంటది సిస్టర్, గదే" అన్నాను.

ఆమె సొరుగు లాగి, ఫోటోలో ఉన్న అసలు ఆంప్యూల్ తీసి నా అరచేతిలో పెట్టింది. నా చిటికెన వేలంత కూడా లేదు. తిప్పి చూశాను. ఐదు వందల మిల్లీగ్రాములు, రెండు సీసీ, కండకు మాత్రమే.

"గిది కాచిగూడల మందుల దుకాణం నుంచి తెప్పించిన. నేనే తిప్పి పెట్టించిన" అంది సిస్టర్, కోపం లేకుండా. "రేపు మన స్టోరుకు గిదే వస్తే, నువ్వు దీన్ని నరానికి ఎక్కిస్తవా?"

రెండింతల మందు, ఐదో వంతు నీళ్లలో, తిన్నగా గుండెకు వెళ్లే దారిలో. లెక్క నాకు వెంటనే తెలిసింది. ఆంప్యూల్‌ను అట్ట మీద పెట్టేశాను. చెవులు వేడెక్కాయి. ఎనిమిది నెలల్లో ఇంజెక్షన్ గదిలోని మందుల డబ్బాలోంచి ఎన్ని ఆంప్యూళ్లు తీశాను, ఎన్నిటి అచ్చు చదివాను? ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. భయం వేసింది, ఇంటర్వ్యూ గురించి కాదు.

నా తర్వాత ఆ పిల్ల లోపలికి వెళ్లింది. నాకు పది నిమిషాలు పట్టిన అట్టకు ఆమెకు అరగంట పట్టింది. నాలుగో ఫోటో దగ్గర, "అమినోఫిలినే గని బలం కనపడ్తలేదు సిస్టర్, సైజు తెల్వదు. తిప్పి సూపిస్తే చెప్త, లేకుంటే ఇయ్యను" అందట. ఉద్యోగం ఆమెకే వచ్చింది. కడుపు మండలేదని అబద్ధం చెప్పను. ఆ పూట కూర వంతు నాది, ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయాననే చెప్పాను. ఆమె మెతుకు మిగల్చకుండా తింది. అది చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి ఓ హాస్టల్ విద్యార్థి బెంచీ మీద ముందుకు వంగి ఈల వేసినట్టు ఊపిరి తీస్తున్నాడు. డాక్టర్‌గారు చూసి అమినోఫిలిన్ రాశారు. డబ్బాలోంచి ఆంప్యూల్ తీశాను. లావుదే, ఎప్పటిదే. కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగులో పెట్టి తిప్పాను. అమినోఫిలిన్. రెండు వందల యాభై మిల్లీగ్రాములు. పది సీసీ. ఇంట్రావీనస్, అంటే నరానికే. అచ్చు అక్కడక్కడా చెరిగి ఉంటే ఇంకోసారి మొదటి నుంచి చదివాను.

ఆ కుర్రాడికి ఓపిక పోయింది. "ఏంది... సిస్టర్..." అన్నాడు రొప్పుతూ, "ఎగ్జామ్‌కు... చదువుతున్నరా?"

"ఎగ్జామ్ నిన్ననే అయింది తమ్మీ, ఫెయిలైన" అని చెప్పి, అతని చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం కోసం వెతికాను.