ఇంకొక్క ముద్ద

భద్రాచలంలో పరుపులు కుట్టే వజీర్‌కు ఇప్పుడు ఒకటే భయం, భార్య తినడం లేదని. క్యాన్సర్‌కు కీమో మొదలయ్యాక అమీనా బీ చిక్కిపోతోంది. బలం రావాలని అతను మటన్ కూర వండి, పళ్లెం నిండా పెట్టి, "ఇంకొక్క ముద్ద" అని బతిమాలేవాడు. ఆ రోజు వేడి కూర వాసనకే ఆమె వాంతి చేసుకుంది.

"నోరంత ఇనుము నాకినట్టుంది. నీ పళ్లెం సప్పుడింటేనే గుబులైతుంది," అని ఏడ్చింది.

వజీర్ దవాఖానా నర్సు ప్రమీలకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"నీళ్లు తాగుతుందా? మూత్రం సరిగ్గ వస్తుందా?" అని ఆమె మొదట అడిగింది.

"అవ్, సిస్టర్."

"అయితే బలవంతం చెయ్యకండి. వాంతి గోళీ డాక్టర్ చెప్పిన టైంకు వెయ్యండి. ఏది తినబుద్ధైతే అది, చల్లారినంక కొంచెం కొంచెం పెట్టండి. నీళ్లు గూడ కడుపుల నిలవకపోతే జల్దీ తీసుకరండి."

వజీర్ పొయ్యి పెరట్లోకి మార్చాడు. "ఏం తినబుద్ధైతుంది?" అని అడిగితే కిచిడీ అంది. పెసరపప్పు కిచిడీ చల్లార్చి, చిన్న గిన్నెలో ఆమె పక్కన పెట్టి, బతిమాలకుండా బయటికొచ్చాడు. సూది పట్టుకున్నా చెవులు లోపలే ఉన్నాయి.

కాసేపటికి వెళ్లి చూస్తే గిన్నెలో నాలుగు చెంచాల కిచిడీ తగ్గింది. "ఇంకొక్క" అనబోయి ఆగిపోయాడు. భయం మాత్రం పోలేదు.