ఫ్రిజ్‌కు పన్నెండు కిస్తీలు

మా ఆయన బొగ్గు గనిలో పనిచేస్తాడు. పే స్లిప్‌లో ఎన్ని కోతలున్నా, చివర చేతికొచ్చే అంకె ఒక్కటే చూసే మనిషి. క్రెడిట్ కార్డు మీద అరవై వేలు పెట్టి ఫ్రిజ్ కొన్న వారానికి బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. నెలకు అయిదువేల నాలుగు వందల పదహారు చొప్పున పన్నెండు కిస్తీలు కట్టుకోవచ్చట.

"గంతేనా? చేసెయ్యుండ్రి మేడం," అనబోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ లాక్కుని, ఒక్కొక్కటీ అడిగి, పే స్లిప్ వెనకే లెక్క వేశాను. వడ్డీ దాదాపు అయిదు వేలు, దానిమీద పన్ను తొమ్మిది వందలు, ప్రాసెసింగ్ ఫీజు పన్నుతో కలిపి ఆరు వందలు.

"ఆరున్నర వేలు ఉత్తగనే పోతయి! బిల్లు కట్టనీకి ఇంక నెల గడువుంది. మీ లాభాల బోనస్ ఇరవై రోజులల్ల పడ్తది. కిస్తీలెందుకు?"

ఫోన్‌లో ఉన్న మేడంకు నేనే వద్దని చెప్పేశాను.

బోనస్ పడింది. గడువులోపే అరవై వేలూ కట్టేశాం, రూపాయి వడ్డీ లేకుండా.

మొన్న కూలర్ కొంటే మళ్లీ అదే ఫోన్. ఈసారి మా ఆయనే కుర్చీలో వెనక్కి వాలి, "నెలకెంతనో తర్వాత చెప్పుండ్రి, అన్నీ కలిపి మొత్తం ఎంతయితది?" అని అడిగాడు.

అవతల ఫోన్ పెట్టేశారు.