బటన్ మింగిన పెద్దక్షరం

మా మేనల్లుడి డీటీపీ షాపు వన్ టౌన్‌లో, ఉల్లిపాయల గోడౌన్‌కీ స్టీలు సామాన్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. నేను పొద్దున్నే వెళ్లి గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటాను. జీతం లేదు. తప్పు కనిపిస్తే కేకలేసే హక్కు మాత్రం ఉంది. ఆ హక్కును నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

బడికి పెద్దగా వెళ్లలేదు నేను. ఇంగ్లీషు ఎరువుల బస్తాల మీద నేర్చుకున్నాను. బస్తాల మీద అన్నీ పెద్దక్షరాలే. ఇంగ్లీషుకి చిన్నక్షరాలు కూడా ఉంటాయని అచ్చాఫీసులో కంపోజింగ్‌కి చేరాకే తెలిసింది. నాకు భలే కోపం వచ్చింది. మన అక్షరాల్లో ఒకటి పెద్ద, ఒకటి చిన్న అని లేదే! రాజుగారి పేరుకీ రజకుడి పేరుకీ ఒకటే 'ర'. వీళ్లకెందుకు ఈ దర్జా అనుకున్నాను. ఆ కోపంతోనే వాటి ఆనుపానులన్నీ పట్టుకుని నేర్చుకున్నాను.

ఇంతకీ ఆ రోజు సంగతి. మధ్యాహ్నం ఎండలో ఒకమ్మాయి ఆటో దిగి పరిగెత్తినట్టు లోపలికి వచ్చింది. కొండపల్లి నుంచి వస్తుంది, కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది. థర్మల్ స్టేషన్ బూడిద మీద కోబాల్ట్ పూత వేసి, దాంతో విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని అంత ప్రమాదం లేని వాయువుగా మార్చడం ఆమె పని. దాని మీద రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక తీసుకుంది. చివరి సవరణ చేసి ఆ సాయంత్రం లోపల పంపాలి. అది అచ్చయితేనే ఆమె థీసిస్ ఇవ్వనిస్తారు.

సవరణ ఏమిటంటే, వ్యాసం చివర ఆమె చదివిన వ్యాసాల పట్టిక ఉంటుంది కదా, అందులో ప్రతి శీర్షికలోనూ అన్ని మాటలూ పెద్దక్షరంతో మొదలయ్యాయి. పత్రిక వాళ్లు అలా కుదరదన్నారు. మామూలు వాక్యంలా మొదటి మాటకి మాత్రమే పెద్దక్షరం ఉండాలి. ఊళ్ల పేర్లూ, మనుషుల పేర్లూ, రసాయనాల గుర్తులూ ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. పత్రికల పేర్లు మాత్రం ముట్టుకోకూడదు.

మా మేనల్లుడికి ఈ పని ముందురోజే ఇచ్చి వెళ్లింది. వాడు పెళ్లి కార్డులకి నొక్కే బటనే దీనికీ నొక్కాడు. శీర్షికలన్నీ సెలక్ట్ చేయడం, మొదటి అక్షరం తప్ప అన్నిటినీ చిన్నవి చేసే సెంటెన్స్ కేస్ బటన్ నొక్కడం, సేవ్ చేసి ఆమెకి మెయిల్ కొట్టేయడం. అంతే.

"అన్నయ్యా, ఇది చూశారా అసలు?" అంది ఆ అమ్మాయి లాప్‌టాప్ వాడి ముందు పెట్టి. "కృష్ణా డెల్టాలో k చిన్నదైపోయింది. ఇండియా చిన్నదైపోయింది. కోబాల్ట్ ఆక్సైడ్ గుర్తు Co3O4 అని ఉండాల్సింది co3o4 అయింది!"

"పేర్లే కదా మేడమ్, దిద్దేద్దాం," అన్నాడు వాడు.

"ఒరేయ్, దేశాన్నే చిన్నది చేసిపారేసి పేర్లే కదా అంటావేంట్రా?" అన్నాను నేను కుర్చీలోంచి.

"మావయ్యా, మీరు ఆగండి. మీకు బీపీ."

నేనాగలేదు. లేచి వెళ్లి తెర దగ్గర నిలబడ్డాను. ఒక శీర్షిక మధ్యలో కోబాల్ట్ అనే మాట చిన్న c తో కనిపించింది.

"ఇదిగో, ఇదీ తప్పే. లోహం పేరు కదా, దీనికి పెద్దక్షరం పెట్టు!"

ఆ అమ్మాయి అంత కంగారులోనూ నవ్వింది. "కాదు బాబాయ్ గారూ. పూర్తి పేరు రాస్తే చిన్నక్షరమే, వాక్యం మధ్యలో ఉప్పు, పంచదార అన్నట్టు. గుర్తు రాస్తే మాత్రం పెద్ద C, పక్కన చిన్న o."

"అంటే నిండు పేరుకి మర్యాద లేదు, పొడి అక్షరాలకి ఉందా?"

"మర్యాద కాదండీ. గుర్తులో ఒక్క అక్షరం మారితే వస్తువే మారిపోతుంది. పెద్ద C, చిన్న o అయితే కోబాల్ట్. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్." అంటూనే ఆమె మొహం మారిపోయింది. పట్టికలో మొదటి వరుస మీద వేలు పెట్టింది. "అయ్యో, ఇది చూడండి."

ఆ శీర్షిక Co అనే మాటతో మొదలైంది. చూడ్డానికి ఏ తప్పూ లేదు. మొదటి మాట, మొదటి అక్షరం పెద్దది, రెండోది చిన్నది. వాక్యంలో ఉండాల్సినట్టే ఉంది. కానీ అక్కడ ఉండాల్సింది విషవాయువు. బటన్ దాన్ని లోహం చేసి కూర్చోబెట్టింది! k చిన్నదైతే కంటికి తగులుతుంది. ఇది తగల్దు. మర్యాదగా బట్టలేసుకుని వచ్చిన దొంగలా ఉంది.

"మీ పాత కాపీ ఉంటుంది కదమ్మా?" అన్నాను.

"అందులోనూ ఇంతేనండీ. ప్రతి మాటకీ పెద్దక్షరం వచ్చే బటన్ నేనే నొక్కాను అప్పుడు. అదీ రెండో అక్షరాన్ని చిన్నది చేసేసింది."

"చూశారా మావయ్యా, మేడమ్ కూడా నొక్కారు," అన్నాడు మా వాడు, ప్రాణం లేచొచ్చినట్టు. "ఉపాయం నేను చెప్తా. Co తో మొదలయ్యే శీర్షికలన్నిట్నీ ఒక్క దెబ్బకి CO చేసేద్దాం. ఒక్క నిమిషం."

ఆ అమ్మాయి టైమ్ చూసుకుని, "చేసేయండన్నయ్యా," అంది.

నేను మౌస్ మీద చెయ్యి వేసేశాను. "ఒక బటన్ చేసిన పాపాన్ని ఇంకో బటన్‌తో కడుగుతావా? మా అచ్చాఫీసులో ప్రూఫు ఎలా దిద్దేవాళ్లమో తెలుసా? ఒకడు అసలు కాపీ పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకడు ప్రూఫు మీద వేలు పెట్టుకుని చూడాలి. నాకు గుర్తుందిలే అన్నవాణ్ని ఫోర్‌మన్ బయటికి పంపేసేవాడు. అమ్మా, ఆ వ్యాసాలు నీ దగ్గర ఉన్నాయా?"

"ఫోన్‌లో ఉన్నాయండీ, అన్నీ."

"అయితే తెరువు. శీర్షిక చదువు. పెద్దదైతే పెద్ద అను."

మొదలుపెట్టాం. ఆమె ఫోన్‌లో అసలు వ్యాసం తెరిచి చదవడం, నేను తెర మీద వేలు పెట్టడం, వాడు కొట్టడం. "పెద్ద C, పెద్ద O, తర్వాత చిన్న." "కృష్ణకి పెద్ద K. రివర్‌కి చిన్న r కాదు, అది నది పేరులో భాగం, పెద్దదే." "pH లో p చిన్న, H పెద్ద." పక్క కొట్టువాళ్లు వచ్చి, ఏంటి వేలంపాటా అని చూసిపోయారు. నాకు ఎంత హుషారు వచ్చిందంటే, కళ్లజోడు జారిపోతున్నా సర్దుకోలేదు.

చివరికొచ్చాక ఇంకో శీర్షిక. అదీ Co తోనే మొదలైంది. బూడిద మీద ఏదో అతుక్కోవడం గురించి.

"ఇది కూడా గ్యాసే కదండీ," అంది అలసటగా. "CO కొట్టేయండి."

"వ్యాసం తెరిచావా?"

"నాకు గుర్తే బాబాయ్ గారూ."

ఫోర్‌మన్ చూసినట్టు చూశాను. ఆమె నిట్టూర్చి తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది. ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"చిన్న o," అంది మెల్లగా. "నీళ్లలో ఉన్న కోబాల్ట్‌ని బూడిదతో తీయడం గురించండీ ఇది. గ్యాస్ కాదు." ఒక్కసారిగా పకపకా నవ్వింది. "ఒక్క దెబ్బకి మార్చేసి ఉంటే ఈ ఒక్కటీ తప్పయ్యేది. నేను కాదని కూడా అనేదాన్ని కాదు!"

"ఈ ఒక్కదాన్నీ నా బటన్ కరెక్టుగా ఉంచింది," అన్నాడు మా వాడు గర్వంగా.

"రోజుకి రెండుసార్లు కరెక్టు టైం చూపించే ఆగిపోయిన గడియారం లాంటివాడివి రా నువ్వు," అన్నాను.

ఎండ గోడౌన్ షట్టర్ మీదికి వాలేసరికి ఫైలు వెళ్లిపోయింది. తెర మీద అందింది అని వచ్చేదాకా ముగ్గురం దాని ముందు నుంచి కదల్లేదు. అది రాగానే ఆ అమ్మాయి అరిచిన అరుపుకి ఉల్లిపాయల హమాలీ బస్తా దించేసి తొంగిచూశాడు. మా వాడు నా మాట కోసం ఆగకుండానే అందరికీ టీలు చెప్పాడు.

కొన్నాళ్లకి అచ్చు ప్రూఫు పట్టుకుని ఆమె మళ్లీ వచ్చింది. మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, కాగితాలు నా చేతికిచ్చింది. నేను మిఠాయి ముట్టుకోలేదు. చివరి పేజీ తిప్పి, ఫోన్ తియ్యమన్నాను.

"చదువమ్మా," అన్నాను వేలు పెట్టి.

"పెద్ద C," అంది. "పెద్ద O."