స్టాండీ మింగిన ముందు వరుస

సాఫ్ట్‌వేర్ గాలి జోరుగా వీస్తున్న రోజుల్లో నేను రాంగోపాల్‌పేటలో ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌ని. మా ఊరు విజయనగరంలో ఎవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్లో పని" అని ఊరుకునేది. మిగతాది వాళ్ళే ఊహించుకునేవారు.

చిలకలగూడలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ ఉండేది. దాని డైరెక్టరుగారికి ఉద్యోగ మేళాలో పెట్టడానికి రోలప్ స్టాండీ కావాల్సి వచ్చింది. కింద పొడవాటి రేకు పెట్టె, అందులో స్ప్రింగుకు చుట్టుకున్న బొమ్మ. పైకి లాగి వెనక కడ్డీకి తగిలిస్తే మనిషి కన్నా రెండడుగుల ఎత్తున నిలబడుతుంది. కానీ అచ్చు వేసిందంతా బయటికి రాదు. అడుగున ఓ అరడుగు పెట్టెలోనే ఉండిపోతుంది. అందుకే కింద అంతమేర ఒట్టి రంగు వదిలి, ముఖాలూ ఫోన్ నంబర్లూ దానికి పైన పెట్టుకుంటాం.

స్క్రీన్ మీద ఆ హద్దు గీసి చూపించాను.

"ఏందమ్మా ఈ గీత? గోడకు పగులొచ్చినట్టున్నది."

"దాని కిందదంతా పెట్టెలోకి పోతుంది సార్. కనపడదు."

"పునాది ఖాళీగ ఇడుస్తరా ఎవరన్న? వాస్తు సుత చూస్కోవాలె. గీత తీసెయ్. ఫోటో కిందికి జరుపు, పైన నాది జెర పెద్దగ రావాలె."

కిందికి జరపమన్నది గ్రూప్ ఫోటో. మన గ్రూప్ ఫోటోలకొక రాజ్యాంగం ఉంది. పెద్దలు కుర్చీల్లో, అసలువాళ్ళు నేలమీద. కుర్చీల్లో డైరెక్టరుగారు, మేడంగారు, ఛైర్మన్ అయిన మామగారు. నేలమీద ఉద్యోగాలు వచ్చిన పిల్లలు. పైన పెద్ద అక్షరాలతో "వీరికి ఉద్యోగాలు వచ్చాయి! రేపు మీకు!"

డైరెక్టరుగారు సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం రోడ్డుమీదికి వెళ్ళగానే, ఆయన వెంట వచ్చిన అమ్మాయి నా కుర్చీ దగ్గరికి జరిగింది. నేలమీద వరుసలో మధ్యన కూర్చున్నది తనే.

"అక్కా, నా మొహం సరిగ్గా పడుతుందా? ఉద్యోగం వచ్చిందంటే మా నాన్న నమ్మట్లేదు. సోమవారం చేరాలి."

వాళ్ళ నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. తోటి మాస్టారి కొడుకు దొంగ ఆఫర్ లెటరుతో మోసపోయాక, ఆయనకు కాగితం మీద నమ్మకం పోయింది. "ఉత్తరం ఎవడైనా కొట్టిస్తాడు. నలుగురి ముందు నీ బొమ్మ పెట్టి చెప్పమను, పంపిస్తా" అన్నాడట.

నేను గబగబా ఫోటో పైకి జరిపాను. డైరెక్టరుగారు తిరిగొచ్చి, తన ముఖం చిన్నదైందని మళ్ళీ కిందికి దింపించారు. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి ప్రూఫ్ మీద దర్జాగా సంతకం పెట్టి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేళా నేరేడ్‌మెట్ ఫంక్షన్ హాల్లో. స్టాండీ నిలబెట్టడానికి నేనే వెళ్ళాను. నిలబెట్టాక చూస్తే పైన డైరెక్టరుగారి నిండు ముఖం, కింద "వీరికి ఉద్యోగాలు వచ్చాయి", దాని కింద కుర్చీల్లో ముగ్గురే. పిల్లలంతా పెట్టెలో. ఫోన్ నంబరూ వాళ్ళతోనే.

ఒకాయన స్టాండీ పక్కన నిలబడ్డ మామగారిని ఎగాదిగా చూసి, "మీకు ఏ కంపెనీల వచ్చింది సార్? ఈ వయసుల సుత తీస్కుంటున్నరా?" అని అడిగాడు. మామగారు అల్లుడివైపు చూశారు.

అప్పుడే ఆ అమ్మాయి తండ్రితో వచ్చింది. మాస్టారు జవాబు పత్రం దిద్దుతున్నట్టు పైనుంచి కిందిదాకా చదివారు.

"నువ్వెక్కడమ్మా?"

అమ్మాయి మొహం పాలిపోయింది. డైరెక్టరుగారే కల్పించుకున్నారు. "ఉన్నది మాస్టారూ, లోపల ఉన్నది."

"పెట్టెలోనా?"

నేను డైరెక్టరుగారి వైపు తిరిగాను. "సార్, మీరు పొడుగు. వెనక కుర్చీ వేసుకుని ఎక్కి, పైపట్టీ కడ్డీలోంచి తీసి ఇంకో అరడుగు పైకి లాగండి. వదలకండి, స్ప్రింగు లాగేసుకుంటుంది" అన్నాను.

గత్యంతరం లేక ఎక్కారు. పెట్టెలోంచి ముందు జుట్లు వచ్చాయి, తర్వాత నుదుళ్ళు, కళ్ళు, నవ్వులు. అసలు డైరెక్టరుగారు బొమ్మ వెనక మాయమయ్యారు. పైన వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, వంగి, ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ మధ్యకొచ్చి ఆగారు.

"అయ్యిందా అమ్మా? చేతులు గుంజుతున్నయ్!" వెనకనుంచి గొంతు.

"ఇంకా చూస్తున్నారు సార్" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో.

మాస్టారు నిటారుగా నిలబడి అడిగారు. "మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది నిజమేనా? అందరికీ వినపడేలా చెప్పండి."

"వచ్చింది మాస్టారూ! పక్కా వచ్చింది!" హాలంతా తిరిగి చూసింది. "జెర ఎవరన్న చెప్పుండ్రి, దిగాల్నా?"

"దిగండి. చూశాను" అన్నారు మాస్టారు. పట్టీ జారి ముందు వరుస మళ్ళీ పెట్టెలోకి పోయింది. ఆయన అటు చూడనే లేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి, "సోమవారం ఎన్నింటికి వెళ్ళాలమ్మా? నేనే దింపుతాను" అన్నారు.