కూలి ముందు, పాలు తర్వాత

2016 జూలై ఒకటి, ఉదయం నుండి ముసురు. శేరిగూడలో కళాశాల ఎదుట టిఫిన్ సెంటర్ పెట్టిన సుక్కమ్మ, యమున తొలి నెల లాభం నలభై ఎనిమిది వేలు పంచమని నన్ను పిలిచారు. పెట్టుబడి సుక్కమ్మది లక్ష, యమునది రెండు లక్షలు. పని సుక్కమ్మది రోజుకు ఎనిమిది గంటలు, యమునది నాలుగు. జీవితమంతా తెలుగు తరగతుల్లో సంధులు చెప్పిన నేను పెట్టుబడినొక్కటే చూసి పదహారు, ముప్పై రెండు అన్నాను.

"గట్లయితే రేపటి సంది పొయ్యి నువ్వే ముట్టియ్యి పిల్లా!" అంది సుక్కమ్మ.

"మరి నా పైసలకు ఇలువ లేదా అక్కా?" అంది యమున.

సుక్కమ్మ నా వైపు తిరిగింది. "కల్లంల ముందుగాల కూలి గింజలు కొలుస్తరు సారూ, పెట్టుబడి పెట్టినోళ్ల పాలు తర్వాత. ఇద్దరికీ గంటకు యాభై తీయి."

ముప్పై రోజుల కూలి పన్నెండు వేలు, ఆరు వేలు. మిగిలిన ముప్పై వేలలో పెట్టుబడి ప్రకారం పది, ఇరవై. మొత్తం సుక్కమ్మకు ఇరవై రెండు, యమునకు ఇరవై ఆరు. యమున నవ్వింది. బడి ముఖమెరుగని సుక్కమ్మ ఎదుట నేను అబ్బురపడి నిలిచాను.

ఏడేళ్ళకు ఆమె రాయించి పంపిన ఉత్తరం: "సారూ, యమున పానం బాగలేక ఆర్నెల్లు రాలే. కూలి లేదు గని, ఆమె పెట్టుబడి పాలు నెలనెలా దవాఖానకే పంపిన. ఇప్పుడు మంచిగుంది. జర వచ్చి దోశ తిని పో."